డూప్లికేట్ బ్రాండ్ కుక్కర్ అంటగట్టారా? ఫోటోలు పెట్టి వినియోగదారుల కమిషన్‌కి కంప్లైంట్ ఎట్టా రాయాలంటే

నెల్లూరులోనో ఒంగోలులోనో షాపులో పెద్ద బ్రాండ్ పేరు చూసి కుక్కర్ కొన్నాం, నెల తిరక్కముందే గాస్కెట్ పక్కనుంచి ఆవిరి కారతావుంది, సర్వీస్ సెంటర్‌కి తీసకపోతే ఇది మాది కాదు పొమ్మన్నారు, ఇప్పుడు ఏం చెయ్యాలి అని చాలామంది అడుగుతున్నారు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాసేస్తున్నా. మిక్సీకైనా గ్యాస్ స్టవ్‌కైనా దారి ఇదే, కానీ నేను ప్రెషర్ కుక్కర్‌నే తీసుకుని చెప్తా, ఎందుకంటే దాని మీద ఐఎస్ఐ మార్కు కచ్చితంగా ఉండాలని 2021 ఫిబ్రవరి 1 నుంచి రూల్ అమల్లో ఉంది, కాబట్టి నకిలీ అని చూపించడం తేలిక. పైగా అది పేలితే మనిషి మొహం కాలిపోద్ది. అనుమానం వచ్చిన రోజే దాన్ని పొయ్యి మీద పెట్టడం ఆపేయండి.

ముందు ఒక్క మాట అర్థం చేసుకోండి. మామూలు కేసులో "వస్తువు పాడైంది" అని చూపిస్తే చాలు. నకిలీ కేసులో మీరు రెండు సంగతులు చూపించాలి. ఒకటి, ఈ కుక్కర్ ఆ బ్రాండ్‌ది కాదు. రెండు, ఈ కుక్కర్‌నే ఆ షాపువాడు మీకు అమ్మాడు. జనం మొదటిదాని వెంటపడి రెండోది వదిలేస్తారు, అప్పుడు షాపువాడు వచ్చి "నేను ఇచ్చింది ఒరిజినలే సార్, వీళ్లు ఇంకెక్కడో కొన్న డూప్లికేట్ తెచ్చి నా మీద పెడతన్నారు" అంటాడు, కేసు అక్కడే పడిపోద్ది. మీరు తీసే ప్రతి ఫోటో, రాసే ప్రతి పేరా ఈ రెండిట్లో ఏదో ఒకదానికి పనికిరావాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కుక్కర్, మూత, విజిల్, గాస్కెట్ అన్నీ. కడక్కుండా, స్క్రూలు విప్పకుండా.
- అట్టపెట్టె, లోపలి కవర్లు, గ్యారంటీ కార్డు, బుక్‌లెట్.
- బిల్లు. బిల్లు లేకపోతే ఎస్టిమేట్ చీటీ అయినా, ఫోన్‌పే లాంటి వాటిల్లో కట్టిన రసీదు అయినా. అందులో ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ కనపడాలి.
- ఫోన్‌లో `BIS Care` యాప్, ఐఎస్ఐ మార్కు లైసెన్స్ ఇచ్చే బీఐఎస్ వాళ్లది.
- సర్వీస్ సెంటర్ రాసిచ్చిన కాయితం లేదా కంపెనీ పంపిన ఈమెయిల్.
- మీ ఆధార్ కాపీ, నోటరీ చేయించిన అఫిడవిట్.

1. కుక్కర్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు

అన్నిటికంటే ఎక్కువ కేసులు పాడయ్యేది ఇక్కడే. మా పిన్నమ్మది పొదలకూరు, నెల్లూరులో ఒక షాపులో అయిదు లీటర్ల అల్యూమినియం కుక్కర్ కొనింది. తేడా ఉందని మళ్లీ షాపుకి పోతే ఆయన చాలా మర్యాదగా "అక్కా, ఆ కుక్కర్ ఇక్కడ పెట్టి పోండి, కంపెనీకి పంపించి కొత్తది తెప్పిస్తా, మీకెందుకు శ్రమ" అన్నాడు. పిన్నమ్మ "రాసివ్వు నాయనా, పెట్టి పోతా" అనింది. రాసివ్వలేదు, ఆమె పెట్టి రాలేదు. పెట్టి వచ్చుంటే సాక్ష్యం మొత్తం ఆయన చేతిలోకి పోయినట్టే.

తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే ముందు కింద చెప్పిన ఫోటోలన్నీ తీసుకుని, "ఫలానా నంబర్ ఉన్న కుక్కర్ తీసుకున్నాం" అని షాపు ముద్ర వేయించుకుని ఇవ్వండి. సర్వీస్ సెంటర్‌లో కూడా అంతే, జాబ్ షీట్ లేకుండా చెయ్యి దాటనీయొద్దు.

2. షాపువాడి చేత అమ్మినట్టు ఒప్పించుకోండి, వాట్సాప్‌లో

బిల్లులో చాలాసార్లు "కుక్కర్ 5L - 1,750" అని మాత్రమే ఉంటది, బ్రాండ్ పేరు ఉండదు. దీనికి విరుగుడు ఒకటే. గొడవ పెట్టుకోకముందే షాపు నంబర్‌కి ఇట్టాంటి మెసేజ్ పెట్టండి:

"అన్నా, 10వ తేదీ మీ షాపులో ఫలానా బ్రాండ్ అయిదు లీటర్ల కుక్కర్ 1,750 కి కొన్నాను. ఆవిరి పక్కనుంచి పోతావుంది. ఫోటో పెడుతున్నా, చూడండి."

ఆయన "తీసుకురండి చూద్దాం" అని ఒక్క ముక్క రాసినా చాలు, తేదీ, బ్రాండ్, ధర, ఫోటోలో ఉన్న కుక్కర్ అన్నీ ఆయన కాదనలేదని రికార్డు అయిపోయింది. "నువ్వు మోసగాడివి, కేసు వేస్తా" అని మొదలుపెడితే జవాబు రాదు, నంబర్ బ్లాక్ చేసేస్తాడు. కోపం తర్వాత చూపించుకోవచ్చు.

అసలు బిల్లు ఇవ్వకపోవడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార విధానమే, కాబట్టి "బిల్లు అడిగినా ఇవ్వలేదు" అన్నది కంప్లైంట్‌లో విడిగా ఒక పాయింట్ చేసుకోండి. బిల్లు లేదు కాబట్టి కేసు లేదనుకుని ఊరుకోవద్దు.

3. ఫోటోలు తియ్యడం

పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కింద తెల్ల గుడ్డ పరిచి తియ్యండి. స్టీలు, అల్యూమినియం మీద ఫ్లాష్ పడితే అచ్చు అక్షరాలు తెల్లగా వెలిగిపోయి ఏమీ కనపడదు. అక్షరాలు లోతు తక్కువగా ఉంటే టార్చ్ లైట్ పక్కనుంచి ఏటవాలుగా కొట్టించి తియ్యండి, నీడ పడి నంబర్ తేలతది. ప్రతి దగ్గరి ఫోటోకి ముందు ఒక దూరపు ఫోటో ఉండాలి, లేకపోతే ఆ అక్షరాలు ఏ కుక్కర్ మీదవో ఎవరికి తెలుసు?

మా పిన్నమ్మ కేసుకి పెట్టిన వరస ఇది, మీరూ ఇట్టానే పెట్టుకోవచ్చు:

ఫోటో 1: అట్టపెట్టె, కుక్కర్, బిల్లు మూడూ ఒకే ఫ్రేములో. ఇదే "ఈ కుక్కర్, ఈ షాపు" అని కట్టేసే ఫోటో, దీన్ని మర్చిపోవద్దు.

ఫోటో 2: అట్టపెట్టె మీద తయారీదారు పేరు, అడ్రస్, తయారైన నెల, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ నంబర్ ఉండాల్సిన చోటు. ప్యాకెట్ సరుకుల మీద ఇవన్నీ ఉండాలని చట్టం. పిన్నమ్మ పెట్టె మీద అడ్రస్ దగ్గర ఊరి పేరు ఒక్కటే ఉంది, కస్టమర్ కేర్ నంబర్ అసలు లేదు.

ఫోటో 3: కుక్కర్ మీద ఐఎస్ఐ మార్కు దగ్గరగా. సరైన మార్కులో పైన `IS 2347` అని, కింద `CM/L-` తర్వాత లైసెన్స్ నంబర్ ఉంటది. కింద నంబర్ లేకుండా ఉత్త ఐఎస్ఐ బొమ్మ మాత్రమే ఉంటే అదే పెద్ద అనుమానం.

ఫోటో 4: ఆ నంబర్‌ని `BIS Care` యాప్‌లో `Verify Licence Details` లో కొట్టినప్పుడు వచ్చిన స్క్రీన్‌షాట్.

ఫోటో 5, 6: పక్కింటివాళ్ల దగ్గరున్న అదే బ్రాండ్, అదే మోడల్, అదే సైజు ఒరిజినల్ కుక్కర్‌తో పక్కపక్కన. తర్వాత రెంటినీ మూత లేకుండా కాటా మీద పెట్టి, అంకెలు కనపడేటట్టు. పిన్నమ్మది ఒరిజినల్ కంటే నాలుగు వందల గ్రాములకు పైగా తక్కువ తూగింది. సైజు, మోడల్ వేరైతే మాత్రం ఈ పోలిక పెట్టొద్దు, ఎదుటి లాయరు దాన్ని పట్టుకుని మిగతా ఫోటోలన్నీ అనుమానమే అంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. యాప్‌లో లైసెన్స్ వేరే కంపెనీ పేరు మీద కనపడగానే నకిలీ అని ఎగరొద్దు. పెద్ద బ్రాండ్లు కూడా కొన్ని కుక్కర్లు వేరే ఫ్యాక్టరీల్లో చేయించుకుంటాయి, అప్పుడు లైసెన్స్ ఆ ఫ్యాక్టరీ పేరు మీదే ఉంటది. లైసెన్స్ ఏ వస్తువుకి ఇచ్చారు, ఇప్పుడు నడుస్తావుందా, గడువు అయిపోయిందా చూడండి. పిన్నమ్మ కుక్కర్ మీది నంబర్ కొడితే అసలు కుక్కర్లకు సంబంధమే లేని వస్తువు వచ్చింది, ఇక దానికి వాదన అక్కర్లేదు.

ఫోటోల ఒరిజినల్ ఫైళ్లు ఫోన్‌లోనే ఉంచండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో అటూ ఇటూ పంపిన కాపీని ప్రింట్ తియ్యొద్దు, దాంట్లో క్వాలిటీ తగ్గి, తీసిన తేదీ వివరం కూడా పోద్ది. ఫోన్ ఫోటోలు, స్క్రీన్‌షాట్లు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేస్తే మంచిది, నోటరీ దగ్గర అడిగితే ఫార్మాట్ ఇస్తారు.

4. బ్రాండ్ కంపెనీ నుంచి "ఇది మాది కాదు" అని కాయితం

నోటిమాట పనికిరాదు. సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ మీద రాయమని అడగండి. వాళ్లు వెనకాడితే గ్యారంటీ బుక్‌లెట్‌లో ఉన్న ఈమెయిల్‌కి కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి ఫోటోలు 2, 3 పెట్టి అడగండి, ఎందుకంటే నకిలీ పెట్టెలో ఉన్న అడ్రస్ కూడా నకిలీదే అయ్యుండొచ్చు. తమ పేరు చెడిపోతావుంటే ఏ కంపెనీకైనా పట్టింపు ఉంటది, కాబట్టి ఎక్కువసార్లు జవాబు వస్తది.

జవాబు రాకపోయినా ఆగక్కర్లేదు. లోపం ల్యాబ్ పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషనే శాంపిల్ సీలు వేసి తగిన ల్యాబ్‌కి పంపిస్తది, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 లో ఉంది. ఆ ఫీజు మిమ్మల్ని కట్టమనొచ్చు, సమయం కూడా పెరుగుద్ది. అందుకే కంపెనీ కాయితం ఉంటే దారి దగ్గర.

5. షాపుకి నోటీసు

లాయరు నోటీసే అక్కర్లేదు. తెల్లకాయితం మీద జరిగింది రాసి, డబ్బు 15 రోజుల్లో తిరిగివ్వమని అడిగి, డెలివరీ రుజువు వచ్చేటట్టు స్పీడ్ పోస్టులో పంపండి. కాపీ, పోస్టు రసీదు దాచుకోండి. ఈలోపు 1915 కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేసుకోండి, కొంతమంది షాపువాళ్లు అక్కడినుంచి ఫోన్ వస్తేనే దిగొస్తారు. కానీ హెల్ప్‌లైన్ రాజీకే, అది కేసు కాదు. అక్కడ నంబర్ ఇచ్చారు కదా అని కూర్చుంటే రెండేళ్ల గడువు దాటిపోద్ది. కమిషన్‌కి పోవడానికి రెండేళ్లే టైమ్.

6. కంప్లైంట్ రాయడం

పైన హెడ్డింగులో "ఫోరం" అని రాయొద్దు, 2020 జూలై 20 నుంచి అది జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. మీరు కాపురముండే జిల్లాలోనే వెయ్యొచ్చు. కొన్నది చెన్నైలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా మీది ఒంగోలు అయితే ఒంగోలులోనే.

ఎదుటి పక్షంగా ఎవరిని పెట్టాలి? అమ్మిన షాపుని. బ్రాండ్ కంపెనీని కూడా కలిపెయ్యమని చాలామంది సలహా ఇస్తారు, నేనైతే వద్దంటా. మీకు సాక్ష్యం ఇచ్చే కంపెనీని మీరే ఎదుటి పక్కన నిలబెట్టినట్టవుద్ది, వాళ్లూ లాయరుని పెట్టి మీ మీద వాదిస్తారు. ఆ షాపు వాళ్ల అధికారిక డీలర్ అయితే మాత్రం కలపండి.

లెటరు ఇట్టా ఉంటది. పేర్లు, తేదీలు, అంకెలు మీవి పెట్టుకోండి:

> జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్, నెల్లూరు వారి సమక్షమునకు
>
> ఫిర్యాదుదారు: (పేరు), పొదలకూరు, నెల్లూరు జిల్లా
> ఎదుటి పక్షం: ప్రొప్రయిటర్, (షాపు పేరు, పూర్తి అడ్రస్), నెల్లూరు
>
> వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 35 కింద ఫిర్యాదు
>
> 1. నేను 10-08-2025న ఎదుటి పక్షం షాపులో (బ్రాండ్ పేరు) గల 5 లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్‌ను ఇంటి వాడకం కోసం రూ. 1,750 చెల్లించి కొన్నాను. బిల్లు అనుబంధం 1. బిల్లు, పెట్టె, కుక్కర్ కలిపి తీసిన ఫోటో అనుబంధం 2.
>
> 2. వాడిన కొద్ది రోజులకే విజిల్ రాకుండా మూత అంచు నుంచి ఆవిరి బయటకు రావడం మొదలైంది. 02-09-2025న వాట్సాప్‌లో తెలియజేయగా ఎదుటి పక్షం "తీసుకురండి" అని జవాబిచ్చారు. అనుబంధం 3.
>
> 3. అనుబంధం 4 ఫోటోలో కుక్కర్ అడుగున ఉన్న ఐఎస్ఐ మార్కు, దాని కింద CM/L-(నంబర్) కనిపిస్తాయి. ఈ ఫోటోను 05-09-2025న మా ఇంటి వద్ద నా ఫోన్‌తో నేనే తీశాను. అదే నంబరును బీఐఎస్ యాప్‌లో పరిశీలించగా అది వేరే వస్తువుకు ఇచ్చిన లైసెన్స్ అని వచ్చింది. అనుబంధం 5.
>
> 4. సదరు బ్రాండ్ సర్వీస్ సెంటర్ వారు 08-09-2025న పరిశీలించి, ఇది తమ తయారీ కాదని రాసి ఇచ్చారు. అనుబంధం 6.
>
> 5. నకిలీ వస్తువును అసలైనదిగా చెప్పి అమ్మడం చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార విధానం. నోటీసు పంపినా ఎదుటి పక్షం సొమ్ము తిరిగి ఇవ్వలేదు. అనుబంధం 7.
>
> 6. కాబట్టి రూ. 1,750 వడ్డీతో తిరిగి ఇప్పించాలని, నష్టపరిహారంగా రూ. 10,000, ఖర్చుల కింద రూ. 3,000 ఇప్పించాలని, ఇటువంటి కుక్కర్ల అమ్మకం ఆపమని ఆదేశించాలని కోరుతున్నాను. కుక్కర్‌ను నా వద్ద భద్రపరిచాను, కమిషన్ ఆదేశిస్తే హాజరుపరుస్తాను.

మూడో పేరా మళ్లీ ఒకసారి చదవండి. ఫోటో గురించి రాసేటప్పుడు అందులో కంటికి ఏం కనపడుద్దో, ఎప్పుడు ఎక్కడ ఎవరు తీశారో రాయాలి, అంతే. "ఫోటో చూస్తే మోసం స్పష్టంగా తెలుస్తుంది" అని రాస్తే అందులో ఏమీ లేనట్టే లెక్క. అట్టానే "రేకు నాసిరకం" అని రాయొద్దు, దానికి ల్యాబ్ కావాలి. "అదే మోడల్ ఒరిజినల్ కంటే ఇన్ని గ్రాములు తక్కువ తూగింది" అని రాయండి, కాటా ఫోటో ఉంది కాబట్టి నిలబడుద్ది. ఆ బరువు ఫోటోలు మీ దగ్గరుంటే మూడో పేరా తర్వాత ఇంకో పేరాగా కలుపుకోండి.

"ఇంటి వాడకం కోసం" అన్న ముక్క వదలొద్దు. హోటల్‌కి కొన్నామని తేలితే అసలు మీరు వినియోగదారుడే కాదని వాదన మొదలవుద్ది. టిఫిన్ బండి ఒక్కటే పెట్టుకుని దాని మీదే బతికేవాళ్లకి మినహాయింపు ఉంది, వాళ్లు "స్వయం ఉపాధి కోసం" అని రాయాలి.

పరిహారం అడిగేటప్పుడు మనసుకి ఎంత కష్టమైనా 1,750 కుక్కర్‌కి అయిదు లక్షలు అని రాయకండి, మిగతా నిజాల్ని కూడా నమ్మరు. ఎవరికైనా కాలిన గాయాలైతే సంగతి వేరు, అప్పుడు ఆసుపత్రి బిల్లులు, గాయాల ఫోటోలు పెట్టి ఎక్కువ అడగాలి.

7. ఫైల్ చేసే ముందు సరిచూసుకోండి

కుక్కర్ దాచేసి, లెటరు, ఫోటోలు మాత్రమే ఈ సంగతి తెలియని మనిషికి ఇవ్వండి. పేరా చదివి ఆ ఫోటోలో ఆ వస్తువు వేలు పెట్టి చూపించమనండి. లైసెన్స్ నంబర్ మీరు చెప్పకుండా ఫోటోలోంచి చదవలేకపోతే ఫోటో మళ్లీ తియ్యండి. బిల్లు తేదీ, లెటర్లో తేదీ, అఫిడవిట్‌లో తేదీ ఒకటేనా చూడండి, టైపింగ్‌లో ఇదే ఎక్కువ తప్పుతారు. షాపు బోర్డు మీద పేరు, బిల్లు మీద పేరు వేరుగా ఉంటే బిల్లు మీదదే రాసి, "బోర్డు మీద ఫలానా పేరుతో నడుస్తున్న" అని కలపండి, లేకపోతే నోటీసు తిరిగొస్తది.

8. ఫైల్ చెయ్యడం, ఆ తర్వాత

`e-jagriti.gov.in` లో అకౌంట్ తెరిచి ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు. చేతకాకపోతే కమిషన్ ఆఫీసుకి పోయి ఎన్ని సెట్లు కావాలో, తెలుగు లెటరుకి ఇంగ్లీషు అనువాదం అడుగుతారేమో కనుక్కుని ఇవ్వండి. వస్తువుకి కట్టిన ధర అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

మామూలుగా 21 రోజుల్లోపు కేసు తీసుకునేదీ లేనిదీ తేలుస్తారు. నోటీసు అందాక షాపువాడు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే అయిదు నెలలు అని ఉంది, కానీ ఆచరణలో ఆలస్యం అవుద్ది, దానికి సిద్ధంగా ఉండండి. ప్రతి వాయిదాకీ పోండి, పోకపోతే మీరు రాలేదని కొట్టేస్తారు.

నోటీసు అందాక షాపువాడు ఫోన్ చేసి "డబ్బు ఇచ్చేస్తా, కేసు వాపసు తీసుకో" అనడం మామూలే. ఒప్పుకోవడం తప్పేం కాదు, కానీ డబ్బు అకౌంట్లో పడ్డాకే, రాజీ కాయితం కమిషన్ ముందు పెట్టే ముగించుకోండి. ఆర్డర్ మీ పక్షాన వచ్చినా కట్టకపోతే సెక్షన్ 72 కింద మళ్లీ పిటిషన్ వెయ్యండి, దాంట్లో నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అప్పటిదాకా ఆ కుక్కర్‌ని పాత సామాన్లవాడికి వెయ్యకుండా అట్టపెట్టెలోనే ఉంచండి.